క్లబ్బులో కొత్తగా షటిల్ ఆడేవారికి రాకెట్, షటిల్స్ ఎంపిక: తరచుగా అడిగే ప్రశ్నలు

క్లబ్బులో కొత్తగా చేరినవాళ్లు అడిగే సందేహాలు దాదాపు ఎప్పుడూ ఇవే. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. జవాబులన్నిటి వెనకా ఉన్న ఆలోచన ఒక్కటే. కొత్తవారి చేతి ఊపు ఇంకా నెమ్మదిగా ఉంటుంది. ఆ ఊపుతోనే షటిల్ అవతలి వెనక గీత దాకా వెళ్లాలి, చేతికి నొప్పి రాకూడదు. బరువు, బ్యాలెన్స్, టెన్షన్ అంటే గట్ తీగల బిగువు, షటిల్ రకం ఏది ఎంచుకున్నా ఈ రెండు అవసరాలను బట్టే ఎంచుకోవాలి.

## కొనడానికి ముందు

చేరిన మొదటి వారమే రాకెట్ కొనేయాలా, కొన్నాళ్లు ఆగాలా?

కొద్ది రోజులు ఆగండి. క్లబ్బులో మీతో ఆడేవాళ్లను అడిగి, ఒక్కో గేమ్‌కు ఒక్కో రాకెట్‌తో ఆడి చూడండి. ఏ రాకెట్‌తో షటిల్ తేలిగ్గా వెనక్కి వెళ్లింది, దేనితో నెట్ దగ్గర చెయ్యి ఆలస్యమైంది అనేవి గుర్తుపెట్టుకుంటే చాలు. షాపులో ఉత్తగాలిలో ఊపి చూస్తే ఈ సంగతులు తెలియవు.

అలాగని షాఫ్ట్, అంటే పిడికీ తలకీ మధ్య ఉండే కాడ, స్టీల్‌తో చేసిన పాత రాకెట్ ఇంట్లో ఉంటే దానితో నెలల తరబడి లాగొద్దు. వాటి బరువు తరచుగా 100 గ్రాములు దాటుతుంది, గట్టింగ్ వదులుగా ఉంటుంది. ఆ బరువుకు, ఆ వదులుకు అలవాటైన చెయ్యి కార్బన్ గ్రాఫైట్ రాకెట్ పట్టుకోగానే షటిల్‌ను ముందే కొట్టేస్తుంది. టైమింగ్ మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వస్తుంది.

రాకెట్ మీద 3యూ, 4యూ, 5యూ అని ఉంటుంది. అదేంటి? నాకేది సరిపోతుంది?

అది బరువు తరగతి. అంకె పెరిగేకొద్దీ బరువు తగ్గుతుంది. ఎక్కువ కంపెనీల లెక్కలో 3యూ అంటే 85 నుంచి 89 గ్రాములు, 4యూ అంటే 80 నుంచి 84, 5యూ అంటే 75 నుంచి 79. ఈ బరువును సాధారణంగా గట్, గ్రిప్ లేకుండా చెప్తారు. కాబట్టి ఆడేటప్పుడు చేతిలో ఉండే బరువు దీనికంటే ఎక్కువే.

పెద్దవాళ్లలో కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పేది 4యూ. 3యూకీ 4యూకీ తేడా అయిదారు గ్రాములే కదా అనిపిస్తుంది కానీ, ఆ తేడా మొదటి గేమ్‌లో తెలియదు, మూడో గేమ్‌లో తెలుస్తుంది. భుజం అలసిపోయాక రాకెట్ తల కిందికి జారుతుంది, అప్పుడు డబుల్స్‌లో ఎదుటివాళ్లు నెట్ మీదుగా బల్లపరుపుగా వేగంగా కొట్టిన డ్రైవ్‌కు రాకెట్ సమయానికి పైకి రాదు. పదేళ్లు పన్నెండేళ్ల పిల్లలకు, భుజానికి పాత దెబ్బ ఉన్నవాళ్లకు 5యూ మంచిది.

తేలికైన రాకెట్ అయితే ఇంకా సులువు కదా? అన్నిటికంటే తేలికైనదే కొనేస్తే?

70 గ్రాముల దగ్గర ఉండే రాకెట్లు చేతిలో గాలిలా ఆడతాయి. ఆ సుఖం నెట్ దగ్గరే. వెనక గీత నుంచి టాస్, అంటే షటిల్‌ను ఎత్తుగా అవతలి వెనక గీత దాకా పంపే దెబ్బ, కొట్టాల్సి వచ్చేసరికి రాకెట్ తలలో షటిల్‌ను నెట్టేంత బరువు ఉండదు, ఆ లోటును ఊపు వేగంతో పూడ్చాలి. కొత్తవారికి లేనిదే ఆ వేగం. పైగా ఎదుటివాళ్లు గట్టిగా స్మాష్ కొడితే, షటిల్ గట్ మధ్యలో కాకుండా కాస్త పక్కకు తగిలినప్పుడు తేలిక రాకెట్ చేతిలో తిరిగిపోతుంది. అందుకే పెద్దవాళ్లకు మొదటి రాకెట్‌గా 5యూ కంటే తేలికైనది వద్దంటాను.

హెడ్ హెవీ, హెడ్ లైట్, ఈవెన్ బ్యాలెన్స్ అంటారు. కొత్తవాళ్లకు ఏది?

సుత్తిని పిడి చివర పట్టుకుని ఊపి చూడండి, తర్వాత తిప్పి ఇనుము వైపు పట్టుకుని ఊపండి. బరువు అదే అయినా మొదటిసారి కదిలించడం కష్టం, కదిలాక దెబ్బ గట్టిగా పడుతుంది. రెండోసారి ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, దెబ్బలో మాత్రం బలం ఉండదు. రాకెట్ బ్యాలెన్స్ అంటే ఇదే. మొత్తం బరువు ఎంత అన్నది ఒక సంగతి, అందులో ఎంత తల వైపు ఉంది అన్నది ఇంకో సంగతి.

హెడ్ హెవీ రాకెట్ కొత్తవాళ్లకు స్మాష్ ఇస్తుందని షాపుల్లో చెప్తుంటారు. ఊపు సరిగ్గా కుదిరినప్పుడు ఇస్తుంది, నిజమే. కానీ కొత్తవారి ఊపు పదిసార్లలో కొన్నిసార్లే కుదురుతుంది. మిగిలినప్పుడు తల ఆలస్యంగా వస్తుంది, షటిల్ ఫ్రేమ్‌కు తగులుతుంది, లేదా నెట్‌లోకి పోతుంది. పూర్తి హెడ్ లైట్ రాకెట్ డబుల్స్‌లో నెట్ దగ్గర చురుగ్గా ఉంటుంది కానీ వెనకనుంచి టాస్ కొట్టడానికి మళ్లీ చేతి బలమే కావాలి. అందుకే మొదటి రాకెట్‌కు ఈవెన్ బ్యాలెన్స్ తీసుకోండి. మీరు సింగిల్స్ మనిషా డబుల్స్ మనిషా, ముందు ఆడేవారా వెనక ఆడేవారా అనేది ఇంకా తేలలేదు. అది తేలేదాకా రెండు చోట్లా పని చేసే రాకెట్ కావాలి.

షాపులో బ్యాలెన్స్ ఎలా చూసుకోవాలి?

రాకెట్‌ను అడ్డంగా పట్టుకుని షాఫ్ట్ కింద ఒక్క వేలు పెట్టండి. రెండు వైపులా సమంగా నిలిచేదాకా వేలిని జరపండి. అది నిలిచిన చోటు నుంచి పిడి చివరిదాకా టేపుతో కొలవండి. సుమారుగా 285 మి.మీ. కంటే తక్కువైతే హెడ్ లైట్, 285 నుంచి 295 మధ్య అయితే ఈవెన్, 295 దాటితే హెడ్ హెవీ అని లెక్క.

ఈ అంకెల్ని మరీ గట్టిగా పట్టుకోవద్దు. కొన్ని కంపెనీలు గట్, గ్రిప్ లేకుండా కొలిచి చెప్తాయి, కొన్ని ఉన్నప్పుడు కొలుస్తాయి. రెండు రాకెట్ల మధ్య ఎంచుకుంటున్నప్పుడు రెండిటికీ గట్ ఉండాలి, లేదా రెండిటికీ ఉండకూడదు. ఒకదానికి ఉండి ఇంకోదానికి లేకపోతే పోలిక తప్పుతుంది, ఎందుకంటే గట్ బరువంతా తలలోనే పడుతుంది.

గ్రిప్ మీద ఇంకో గ్రిప్ చుట్టుకుంటే బ్యాలెన్స్ మారుతుందట, నిజమేనా?

కొలిస్తే మారుతుంది. ఆడేటప్పుడు మాత్రం మీరు అనుకున్నంత మారదు. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. గట్, గ్రిప్‌తో కలిపి 88 గ్రాములున్న రాకెట్ పిడి చివరి నుంచి 295 మి.మీ. దగ్గర నిలిచిందనుకోండి. దాని మీద 5 గ్రాముల ఓవర్ గ్రిప్ చుట్టారు. ఆ గ్రిప్ బరువు మధ్యబిందువు పిడి చివరి నుంచి 90 మి.మీ. దగ్గర ఉంటుందనుకుందాం. 88ని 295తో గుణిస్తే 25,960. 5ని 90తో గుణిస్తే 450. రెండూ కలిపి మొత్తం బరువు 93తో భాగిస్తే 284 వస్తుంది. అంటే నిలిచే చోటు 11 మి.మీ. వెనక్కి జరిగింది. కాగితం మీద హెడ్ హెవీ అంచున ఉన్న రాకెట్ హెడ్ లైట్ అయిపోయింది.

అయినా తల బరువు ఒక్క గ్రాము కూడా తగ్గలేదు కదా. మీరు ఊపేటప్పుడు కష్టపడి తిప్పేది ఆ తలనే. గ్రిప్ బరువు మీ అరచేతిలోనే ఉంటుంది, దాన్ని తిప్పడానికి పెద్దగా శ్రమ ఉండదు. కాబట్టి తల బరువుగా ఉందనిపించే రాకెట్‌ను గ్రిప్‌లు చుట్టి బాగు చేద్దామనుకోవద్దు. పిడి లావవుతుంది, సమస్య అలాగే ఉంటుంది. గ్రిప్ చుట్టుకోవాల్సింది చెమటకు జారకుండా, చేతికి సరైన లావు రావడానికి.

షాఫ్ట్ గట్టిగా ఉండాలా, వంగాలా?

కొత్తవాళ్లకు ఫ్లెక్సిబుల్ లేదా మీడియం. షాఫ్ట్ వెనక్కి వంగి, తిరిగి నిటారుగా అయ్యేటప్పుడు షటిల్‌కు కొంత వేగం ఇస్తుంది. గట్టి షాఫ్ట్ వంగాలంటే ఊపు బాగా వేగంగా ఉండాలి. నెమ్మది ఊపుకు అది వంగదు, కర్రతో కొట్టినట్టే ఉంటుంది.

జీ4, జీ5 అంటే ఏమిటి? ఏది కొనాలి?

పిడి లావు. ఎక్కువ కంపెనీల్లో అంకె పెరిగితే పిడి సన్నబడుతుంది, కానీ అందరూ ఒకే పద్ధతి పాటించరు కాబట్టి చేత్తో పట్టుకుని చూడండి. వేళ్లు చుట్టూ తిప్పి పట్టుకున్నప్పుడు వేళ్ల చివరలకూ అరచేతికీ మధ్య ఒక వేలు పట్టేంత సందు ఉంటే సరి. అనుమానంగా ఉంటే సన్నదే తీసుకోండి. సన్నపిడిని ఓవర్ గ్రిప్‌తో లావు చేసుకోవచ్చు, లావు పిడిని సన్నం చేయడం కష్టం.

## గట్టింగ్ దగ్గర

కొత్త రాకెట్‌తో పాటు వచ్చిన గట్టింగ్ సరిపోతుందా?

రాకెట్ గట్‌తో సహా వచ్చిందంటే అది ఎప్పుడు వేసిందో మీకు తెలియదు. గట్ వాడకపోయినా రోజులు గడిచేకొద్దీ వదులవుతుంది. గోదాములోనో షాపు గోడమీదో నెలలు గడిపిన రాకెట్ గట్ మీద బొటనవేలితో నొక్కితే తేలిగ్గా లోపలికి పోతుంది. కొన్ని వారాలు దానితో ఆడటానికి ఇబ్బంది లేదు, కొత్తవారికి వదులు గట్ హాని చేయదు. షటిల్ తగిలినప్పుడు టక్ అనే శబ్దం కాకుండా మొద్దుగా డబ్ అని వస్తుంటే, కొట్టిన దిశ కంటే పక్కకు పోతుంటే, కొత్త గట్టింగ్ వేయించండి. కొనేటప్పుడే కుదిరితే గట్ లేని ఫ్రేమ్ కొని, మీకు కావాల్సిన టెన్షన్‌తో వేయించుకోవడం అన్నిటికంటే మంచిది.

ఎన్ని పౌండ్లు వేయించాలి? అందరూ 26, 28 అంటున్నారు.

పెద్దవాళ్లలో కొత్తవారికి 20 నుంచి 22 పౌండ్లు. పిల్లలకు 18 నుంచి 20. కిలోల్లో చెప్పే చోట 22 పౌండ్లంటే దాదాపు 10 కిలోలు.

ఇది ఎందుకో అర్థమైతే ఎవరేం చెప్పినా మీరు తడబడరు. షటిల్ తగిలినప్పుడు గట్ లోపలికి సాగి, తిరిగి వెనక్కి వచ్చేటప్పుడు షటిల్‌ను నెడుతుంది. టెన్షన్ తక్కువైతే ఎక్కువ సాగుతుంది, అంటే షటిల్‌ను వెనక్కి పంపే పనిలో కొంత గట్ తనమీద వేసుకుంటుంది. టెన్షన్ పెరిగితే గట్ బోర్డులా బిగుసుకుంటుంది. వేగంగా ఊపే ఆటగాడు ఆ బిగువును కూడా సాగదీయగలడు, దానికి బదులుగా షటిల్ ఎక్కడ పడాలో కచ్చితంగా నిర్ణయించుకోగలడు. 28, 30 పౌండ్లు వేయించుకునేవాళ్లు కొనుక్కుంటున్నది ఈ కచ్చితత్వాన్నే. నెమ్మది ఊపుకు ఆ గట్ సాగదు, షటిల్ ముందుకు పోదు, దెబ్బ అదురు మాత్రం మోచేతికి వస్తుంది.

ఇంకొకటి స్వీట్ స్పాట్. గట్ మధ్యలో షటిల్ తగిలితే బాగా వెళ్లే ప్రాంతం అది. టెన్షన్ పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది. కొత్తవారి షటిల్ ఒకసారి మధ్యలో, ఒకసారి పైన, ఒకసారి అంచున తగులుతుంది. వాళ్లకు కావాల్సింది పెద్ద స్వీట్ స్పాట్.

వెనక గీత నుంచి మీరు కొట్టే టాస్ అవతలి వెనక గీత దగ్గర పడటం మామూలైపోయాక, అప్పుడు పెంచండి. అదీ ఒక్కోసారి ఒక్కో పౌండే. పెంచాక టాస్ పొట్టిదైతే మీ చెయ్యి ఇంకా అక్కడికి రాలేదన్నమాట, మళ్లీ పాత అంకెకు వెళ్లండి.

ఫ్రేమ్ మీద 28 పౌండ్ల దాకా అని రాసి ఉంది. అంతకంటే తక్కువ వేయిస్తే ఫ్రేమ్ పాడవుతుందా?

పాడవదు. ఆ అంకె ఫ్రేమ్ తట్టుకోగలిగిన గరిష్ఠ హద్దు. మీరు వేయించాల్సింది అంత అని కాదు. హద్దు దాటితే ఫ్రేమ్ విరిగే ప్రమాదం, తక్కువైతే ఏ ప్రమాదమూ లేదు.

ఒకచోట వేయించిన 22, ఇంకోచోట వేయించిన 22 వేరుగా అనిపిస్తున్నాయి. ఎందుకు?

మెషీన్ తేడా. ఎలక్ట్రానిక్ మెషీన్ గట్‌ను క్లాంప్ వేసేదాకా అదే బలంతో లాగుతూనే ఉంటుంది. చేత్తో తిప్పే క్రాంక్ మెషీన్ చెప్పిన అంకె చేరగానే లాక్ అయిపోతుంది, ఆ తర్వాత గట్ కాస్త సాగినా మళ్లీ లాగదు. కాబట్టి రెండోదానిలో వేసిన 22 కొంచెం వదులుగా వస్తుంది. వేసే మనిషి చేతివాటం కూడా ఉంటుంది. నచ్చిన మనిషి దొరికితే అక్కడే వేయించుకుంటూ ఉండండి, అప్పుడే మీ అంకెకు అర్థం ఉంటుంది. ఎవరు వేసినా మొదటి ఒకటి రెండు రోజుల్లో టెన్షన్ కొంత పడిపోవడం సహజం. అది లోపం కాదు.

సన్న గట్ మంచిదా, లావు గట్ మంచిదా?

0.70 మి.మీ. లావున్నది తీసుకోండి. 0.66, 0.65 లాంటి సన్న గట్‌లు చురుగ్గా స్పందిస్తాయి, శబ్దం కూడా బాగుంటుంది. కానీ ఫ్రేమ్ అంచున తగిలిన ఒక్క దెబ్బకు తెగిపోతాయి, కొత్తవారికి అలాంటి దెబ్బలు ఎక్కువ.

## షటిల్స్ కొనేటప్పుడు

నైలాన్ షటిల్‌తో మొదలుపెట్టాలా, ఫెదర్‌తోనా?

మీ క్లబ్బులో గేమ్‌లు ఫెదర్‌తో ఆడుతుంటే, గేమ్‌లో ఫెదర్‌తోనే ఆడండి. విడిగా చేసే ప్రాక్టీసుకు నైలాన్ వాడండి. కారణం ఖర్చు ఒక్కటే కాదు.

రెండూ ఎగిరే తీరు వేరు. ఫెదర్ షటిల్ రాకెట్ నుంచి వేగంగా బయల్దేరి, గాలిలో గబగబా వేగం కోల్పోయి, చివర్లో దాదాపు నిట్టనిలువుగా కిందికి దిగుతుంది. నైలాన్ షటిల్ అంత గట్టిగా వేగం తగ్గదు, చివర్లో ఏటవాలుగా వస్తుంది. గట్టిగా కొట్టినప్పుడు దాని ప్లాస్టిక్ పావడ లోపలికి నొక్కుకుని, మళ్లీ విచ్చుకోవడానికి కొంత సమయం పడుతుంది. నైలాన్‌కు మాత్రమే అలవాటైన కాళ్లు ఫెదర్ టాస్ కింద నిలబడాల్సిన చోటు కంటే వెనక ఆగిపోతాయి. షటిల్ ముఖం ముందు దిగిపోతుంటే చెయ్యి కిందికి వంచి కొట్టాల్సి వస్తుంది. డ్రాప్ దగ్గరా అంతే, నైలాన్‌తో సరిగ్గా నెట్ దాటిన డ్రాప్ ఫెదర్‌తో నెట్‌లోనే ఉండిపోతుంది.

మరోవైపు కొత్తవారి ఫ్రేమ్ దెబ్బలకు ఈకలు విరుగుతాయి. ఒక్క ఈక విరిగినా షటిల్ వంకరగా ఎగురుతుంది, మిగతావాళ్ల ఆట కూడా చెడుతుంది. అందుకే సర్వీస్, గ్రిప్ మార్చడం, గోడకు కొట్టడం లాంటి పనులకు నైలాన్ చాలు. ఫుట్‌వర్క్‌తో ముడిపడిన టాస్, డ్రాప్, నెట్ మాత్రం ఫెదర్‌తో నేర్చుకోవాలి. దానికి కొత్త ఫెదర్ అక్కర్లేదు. క్లబ్బులో గేమ్ అయ్యాక పక్కన పడేసిన వాటిలో ఈకలన్నీ ఉన్నవి ఏరుకోండి, డబ్బా నిండుతుంది.

నైలాన్ కొనేటప్పుడు కార్క్ చుట్టూ ఉన్న పట్టీ రంగు చూడండి. పచ్చది నెమ్మది, నీలం మధ్యస్థం, ఎరుపు వేగం. మామూలు వాతావరణంలో నీలం.

గూస్ ఈక, డక్ ఈక అంటారు. తేడా అంత ఉంటుందా?

ఉంటుంది. ఏ ఫెదర్ షటిల్‌కైనా 16 ఈకలే. గూస్, అంటే పెద్దబాతు రెక్క ఈక కాడ లావుగా, గట్టిగా, ఎక్కువ నిటారుగా ఉంటుంది. డక్ ఈక కాడ సన్నం, త్వరగా పెళుసెక్కుతుంది. ఒకే వేగంతో కొట్టినా గూస్ షటిల్ తన ఆకారాన్ని ఎక్కువసేపు నిలబెట్టుకుంటుంది.

అయినా కొత్తవాళ్ల గేమ్‌కు ఖరీదైన గూస్ షటిల్ తెరవడం వృథా అంటాను. మంచి గూస్ షటిల్ స్మాష్‌లకు తట్టుకునేలా ఉంటుంది కానీ, ఫ్రేమ్‌కు తగిలితే గూస్ అయినా డక్ అయినా విరుగుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా విరగ్గొట్టేది ఫ్రేమ్‌తోనే. నలుగురు కొత్తవాళ్లు కలిసి ఆడుతుంటే మంచి డక్ షటిల్ చాలు. మీ డబుల్స్‌లో ఇద్దరు అనుభవజ్ఞులు ఉంటే వాళ్ల స్మాష్‌లకు డక్ నిలవదు, అక్కడ గూస్ వాడాలి.

ట్యూబ్ మీద 76, 77, 78 అని ఉంటాయి. ఏది కొనాలి?

అది షటిల్ వేగం. అంకె పెరిగితే షటిల్ ఎక్కువ దూరం వెళ్తుంది, ఒక్కో అంకెకు సుమారు ఒక అడుగు. కొన్ని కంపెనీలు 1 నుంచి 5 దాకా అంకెలు వేస్తాయి, అక్కడ 3 అంటే దాదాపు 77, 2 అంటే దాదాపు 76.

వేడిగాలి పలుచగా ఉంటుంది, షటిల్‌ను ఆపే శక్తి తక్కువ. కాబట్టి వేడిలో షటిల్ దూరం పోతుంది, నెమ్మది షటిల్ కావాలి. చలిలో దీనికి వ్యతిరేకం. సముద్రమట్టానికి బాగా ఎత్తున ఉన్న చోట కూడా గాలి పలుచన, అక్కడ 75 దాకా దిగాల్సి రావచ్చు. మధ్యస్థ వాతావరణంలో 77తో మొదలుపెట్టండి, బాగా వేడి ఉంటే 76.

సరైనదా కాదా తేల్చుకునే పద్ధతి ఆట నియమాల్లోనే ఉంది. వెనక గీత మీద నిలబడి, షటిల్‌ను కిందినుంచి పూర్తి బలంతో, పక్క గీతలకు సమాంతరంగా, పైకి లేచేలా కొట్టాలి. అది అవతలి వెనక గీతకు 530 మి.మీ. నుంచి 990 మి.మీ. ఇవతల పడితే వేగం సరైనది. టేపు అక్కర్లేదు. డబుల్స్ లాంగ్ సర్వీస్ గీత వెనక గీతకు 760 మి.మీ. ఇవతల ఉంటుంది, అంటే సరిగ్గా ఈ రెండు అంకెల నడిమధ్యన. ఆ గీతకు ముందు వెనకల జానెడు దూరంలో పడితే చాలు. ఈ పరీక్ష మాత్రం పూర్తి బలంతో కొట్టగల అనుభవజ్ఞుడి చేత చేయించండి. కొత్తవారు చేస్తే ప్రతి షటిలూ నెమ్మదిదే అనిపిస్తుంది.

ట్యూబ్ తెరవగానే షటిల్ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

ఈకల వైపు నుంచి చూడండి. చుట్టు గుండ్రంగా ఉండాలి, ఈకలు ఒకదాని మీద ఒకటి ఒకే ఎడంలో పడాలి. ఈకల్ని కట్టిన రెండు వరసల దారం మీద జిగురు గట్టిగా పట్టి ఉండాలి. కార్క్‌ను రెండు వేళ్లతో నొక్కితే మెత్తగా నలిగిపోకూడదు. తర్వాత షటిల్‌ను నేరుగా పైకి కొట్టి, తిరిగి వస్తున్నప్పుడు చూడండి. ఒక్కసారి తిరగబడి, కార్క్ కిందికి పెట్టుకుని స్థిరంగా తిరుగుతూ దిగాలి. తల ఊపుతూ దిగితే ఆ షటిల్‌ను ప్రాక్టీసు డబ్బాలో వేయండి. ట్యూబ్‌లో ఒకటి రెండు అలా ఉండటం మామూలే, సగం అలాగే ఉంటే ఆ రకం మళ్లీ కొనొద్దు.

కొత్త ఫెదర్ షటిల్స్ కూడా ఒకటి రెండు ర్యాలీల్లో విరిగిపోతున్నాయి. ఏం చేయాలి?

ముందు విరిగిన చోటు చూడండి. ఒక్క ఈక మాత్రమే కాడ మధ్యలో పుటుక్కున విరిగితే అది ఫ్రేమ్ దెబ్బ. చాలా ఈకలు ఒకేసారి అంచుల్లో చిట్లి, కాడలు పెళుసుగా విరుగుతుంటే ఈకల్లో తేమ ఆరిపోయిందన్నమాట.

తేమ ఆరిన ఈకలకు ఆవిరి పట్టించొచ్చు. ట్యూబ్ మూత తీసి, ఈకల వైపు మాత్రమే కొన్ని సెకన్లు ఆవిరి తగలనివ్వండి. కార్క్‌కు తగలనివ్వొద్దు, జిగురు వదులవుతుంది. మూత పెట్టి రాత్రంతా ఉంచి మరుసటి రోజు వాడండి. ఎక్కువసేపు పట్టిస్తే ఈకలు బరువెక్కి విచ్చుకుంటాయి, షటిల్ నెమ్మదిస్తుంది. ఆవిరి ఇబ్బందనుకుంటే, ట్యూబ్‌లో ఈకల వైపు మూత లోపల తడిపి గట్టిగా పిండిన చిన్న స్పాంజి ముక్క పెట్టి ఒక రోజు ఉంచినా పని జరుగుతుంది.

## ఆట మొదలయ్యాక

నా టాస్ కోర్టు మధ్యలోనే పడిపోతోంది. రాకెట్ మార్చాలా?

ఒక్కసారే అన్నీ మార్చొద్దు. మార్చితే ఏ మార్పు పని చేసిందో తెలియదు. మా దగ్గర ఆడే ఒకాయన విషయంలో ఎలా వెతికామో చెప్తాను. ఆయన రాకెట్ 3యూ, హెడ్ హెవీ, గట్టి షాఫ్ట్, 27 పౌండ్ల గట్టింగ్. వెనక నుంచి కొట్టిన టాస్ వెనక గీతకు చాలా ముందే దిగేది, ఎదుటివాళ్లు నిలబడిన చోటు నుంచే స్మాష్ కొట్టేవాళ్లు. ఆయన ఇంకా బరువైన రాకెట్ కొందామనుకుంటున్నాడు.

మొదట షటిల్‌ను అనుమానించాం. ఒక సీనియర్ ఆటగాడు అదే షటిల్‌ను వెనక గీత నుంచి కొడితే డబుల్స్ లాంగ్ సర్వీస్ గీత దగ్గరే పడింది. అంటే షటిల్ తప్పు లేదు. తర్వాత షటిల్ గట్‌లో ఎక్కడ తగులుతోందో చూశాం. గట్ మీద అరుగుదల గుర్తులు మధ్యలో కాకుండా పై భాగంలో ఎక్కువగా ఉన్నాయి, కొట్టినప్పుడు శబ్దం కూడా సన్నగా, గట్టిగా వచ్చేది. షటిల్ స్వీట్ స్పాట్ దాటి పైన తగులుతోందని దాన్నిబట్టి తెలిసింది. రాకెట్ అదే ఉంచి, గట్టింగ్ మాత్రం 22 పౌండ్లకు దించాం. టాస్ పొడవు వెంటనే పెరిగింది, ముఖ్యంగా సరిగ్గా మధ్యలో తగలని దెబ్బలు మునుపటిలా కూలిపోలేదు.

కానీ మూడో గేమ్‌కు మళ్లీ పొట్టివయ్యేవి. అది టెన్షన్ సమస్య కాదు, అలసట. అప్పుడు ఒక 4యూ ఈవెన్ బ్యాలెన్స్, మీడియం షాఫ్ట్ రాకెట్‌ను అదే 22తో అప్పు ఇప్పించాం. మొదటి గేమ్‌లో రెండు రాకెట్లకూ పెద్ద తేడా లేదు, చివరి గేమ్‌లో ఉంది. కొత్త రాకెట్ కొన్నది ఆ తర్వాతే.

మీరూ ఇదే వరస పాటించండి: షటిల్, తగిలే చోటు, టెన్షన్, ఆ తర్వాతే రాకెట్. ఈ నాలుగూ సరిగ్గా ఉండి కూడా టాస్ పడిపోతుంటే, షటిల్ మీ తలకు వెనక దిగుతున్నప్పుడు కొడుతున్నారేమో చూడమని కోచ్‌ను అడగండి. దానికి ఏ రాకెట్టూ మందు కాదు.

ఆడాక మోచెయ్యి బయటి వైపు నొప్పిగా ఉంటోంది. రాకెట్ వల్లేనా?

కావచ్చు. బిగువైన గట్, గట్టి షాఫ్ట్, తల బరువు, చేతికి సరిపడని పిడి లావు, పిడిని ఆటంతా గట్టిగా నొక్కి పట్టుకోవడం అన్నీ మోచేతి మీద భారం పెంచుతాయి. ముందు టెన్షన్ రెండు పౌండ్లు తగ్గించండి, షటిల్ తగిలే క్షణంలో తప్ప మిగతా సమయంలో పిడిని వదులుగా పట్టుకోండి. కప్పు ఎత్తినా, తాళం తిప్పినా నొప్పి వస్తుంటే ఆట ఆపి డాక్టరుకు చూపించండి.

గట్ ఎప్పుడు మార్చాలి? ఒక తీగ తెగితే ఆ గేమ్ పూర్తిచేయొచ్చా?

తెగకముందే గుర్తుపట్టొచ్చు. నిలువు తీగలు పక్కకు జరిగి, వేలితో సర్దినా మళ్లీ జరిగిపోతుంటే గట్ వదులైంది. నిలువు, అడ్డం తీగలు దాటే చోట గాడి పడి, పోగులు లేస్తుంటే తెగడానికి దగ్గరపడింది.

తెగితే ఆ గేమ్ అక్కడితో ఆపి వేరే రాకెట్ తీసుకోండి. ఒక తీగ తెగగానే ఫ్రేమ్ మీద లాగుడు ఒక వైపు తగ్గి ఇంకో వైపు అలాగే ఉంటుంది, ఆ అసమాన లాగుడుకు ఫ్రేమ్ ఆకారం తప్పవచ్చు, పగలవచ్చు. కాబట్టి మిగిలిన తీగల్ని కూడా వెంటనే కత్తిరించేయండి. మధ్యలోంచి మొదలుపెట్టి, ఒక నిలువు తీగ, ఒక అడ్డం తీగ చొప్పున బయటికి వెళ్లండి. ఒకే వైపు తీగలన్నీ వరసగా కోయకండి. రాకెట్‌ను గట్టింగ్‌కు ఇచ్చేటప్పుడు గట్ దూరే రంధ్రాల్లోని గ్రోమెట్లు చూడమనండి. పగిలిన గ్రోమెట్ అంచు కొత్త గట్‌ను కోసేస్తుంది.